గోధుమకు పొట్టు ఒలిచిన మిల్లు

కొత్తవలస రైల్వే మెస్సులో పిండిడబ్బా అడుగు గీకిన చప్పుడు ఆ నెల కూడా ఇరవయ్యొకటో తారీఖునే వినబడింది. గరిటె రేకుకు తగిలి కీచుమంది. వంటవాడు అప్పలసూరి చప్పుడు కాకుండా మూత పెట్టేద్దామనుకున్నాడు కాని, మంచం మీద పడుకున్న గార్డు తివారీకి చెవులు మా చురుకు. ఇంజను కూత రెండు స్టేషన్ల అవతలే పసిగట్టే మనిషి, పిండిడబ్బా సంగతి పసిగట్టడా?

కొత్తగా వేసిన ఖనిజం లైను మీద పని చెయ్యడానికి ఉత్తరాది నుంచి వచ్చిన పదిమంది డ్రైవర్లూ గార్డులూ కలిసి పెట్టుకున్న మెస్సు అది. వాళ్లకు అన్నం ఎక్కదు. అన్నం తింటే కడుపు నిండినట్టుండదని, గంటకే ఆకలేస్తుందని వాళ్ల గోడు. అప్పలసూరికి గోధుమ ఎక్కదు. రొట్టె తిన్నవాడికి దవడలు నొప్పెట్టడం తప్ప కడుపు నిండడమేమిటని అతని గోడు. అయినా చెయ్యి మంచిది కాబట్టి రొట్టె గుండ్రంగా వస్తుంది. అందుకని వాళ్లు అతన్ని భరించారు, జీతం వస్తుంది కాబట్టి అతను వాళ్లని భరించాడు. ఏడాదిగా అలా గడిచిపోతూంది. మొన్నమొన్నటి దాకా పిండి విశాఖపట్నం నుంచి సంచుల్లో వచ్చేది. అది ఆగిపోయి, రేషను గోధుమలు తెచ్చి ఊళ్లో ఆడించుకోవలసిరావడంతో తగువు మొదలైంది.

తివారీ లేచి వచ్చాడు. ఆ మెస్సుకు పెద్ద అతనే. తెలుగు బాగానే నేర్చాడు గాని, ఆడమగా తేడా లేకుండా నేర్చాడు.

“అప్పల్‌సూరీ, పిండి ఎక్కడికి పోయింది?”

“మీ కడుపులోకే పోయింది బాబూ. ఇంకెక్కడికి పోతాది?”

“పోయిన నెల ఇరవైయొకటి, ఈ నెల ఇరవైయొకటి. నెలకి ముప్పై రోజు ఉంది. తొమ్మిది రోజు ఎవరు తిన్నది?”

“గోదుమలు సాలట్లేదు. మరి నాలుగు ఎక్కువ తేవాల.”

తివారీ గోడ మీద బొగ్గుతో లెక్క వేశాడు. అతనికి ఆ గోడంటే పలకతో సమానం. మనిషికి రోజుకి పది రొట్టెలు. పదిమందికి వంద. కేజీ పిండికి ఇరవై అయిదు రొట్టెలు. అంటే రోజుకి నాలుగు కేజీలు, నెలకి నూట ఇరవై. రాళ్లకీ చెత్తకీ రెండు కేజీలు, మరలో ఎగిరిపోయేదానికి రెండు, చెయ్యి జారినదానికి ఒకటి. నూట ఇరవై అయిదు కేజీల గోధుమలు పట్టుకెళ్తే నూట ఇరవై కేజీల పిండి రావాలి.

అప్పలసూరి ఆ గోడవైపు చూసి నవ్వాడు. ఏనుగుని చూసిన కప్పలా కాదు, కప్పని చూసిన ఏనుగులా.

“బాబూ, తమరు రైలు నడపడం నేర్సినారు గాని గింజ ఆడించడం నేర్వలేదు. నేను పన్నెండేళ్లు వడ్ల బస్తా మోసినాను. డెబ్బయ్యైదు కేజీల బస్తా ఆడిస్తే యాబై కేజీల బియ్యం వస్తే ఆ మిల్లోడు దరమాత్ముడు. మూడు పాళ్లు పోస్తే రెండు పాళ్లు. గింజన్నాక అంతే. మీకు నూటిరవై కావాలంటే నూట ఎనబై తేవాల.”

“నూట ఎనభై!” అన్నాడు తివారీ. “పిండితో ఇల్లు కడుతుందా? మా ఊర్లో వంద కేజీ గోధుమ ఇస్తే తొంభై ఏడు పిండి వస్తుంది. మా అమ్మ తెచ్చింది, మా నాన్న తెచ్చింది, నేను మోసింది.”

“మీ ఊరి గోదుమలకి సిగ్గెక్కువేమో, సంచి దాటి ఎక్కడికీ పోవు.”

ఈ మాట అనకుండా ఉండవలసింది. పక్కమంచం మీద డ్రైవరొకడు కిసుక్కున నవ్వాడు. తివారీ నవ్వలేదు. మిల్లు ఎవరిదని అడిగాడు. గంగులుదని చెప్పాడు అప్పలసూరి. గంగులు ఎవరని అడిగాడు. ఊరంతా తెలిసిన సంగతి దాస్తే దాగదు.

“నా పెళ్లాం అన్న.”

అప్పుడు పదిమందీ ఒకేసారి “ఆఁ” అన్నారు.

తివారీ మాట తేల్చేశాడు. ఒకటో తారీఖున నూట ఇరవై అయిదు కేజీల గోధుమలు కొలిచి ఇస్తాడు. నూట ఇరవై కేజీల పిండి తిరిగొస్తే సరే. రాకపోతే అప్పలసూరి తన గరిటె తాను పట్టుకుని వెళ్లిపోవచ్చు, జీతం అవసరం ఉన్న వంటవాళ్లు రాయగడ దాకా బోలెడంతమంది ఉన్నారు.

*

“మా అన్న దొంగంటావేటి?” అంది జగ్గమ్మ.

“నేనన్లేదు. ఆళ్లన్నారు.”

“ఆళ్లంటే నువ్వేటన్నావు?”

“ఏటీ అన్లేదు.”

“అదే. నోరు ముయ్యాలన్నప్పుడు ముయ్యవు, తెరవాలన్నప్పుడు తెరవవు.”

అప్పలసూరి గంజి తాగుతూ ఆలోచించాడు. నిజం చెప్పాలంటే అతనికీ కొంచెం అనుమానం తగిలింది. బావంటే బావే గాని, తూకం దగ్గర బావ ఎవడు? గంగులు మిల్లులో వడ్లాడిస్తే ఊకా తవుడూ మిల్లువాడివే, అది ఊరి ఆచారం. గోధుమలకీ అలాగే జరుగుతోంది. సంచిలో పిండి ఇతనిది, అడుగున పడిందంతా గంగులుది. ఆ అడుగున పడింది ఎంతో రెండు నెలలూ ఎవరూ తూచలేదు. గంగులు గేదె మటుకు ఈమధ్య నిగనిగలాడుతోంది. నల్లేరు మీద బండిలా నడుస్తోంది.

“ఈపాలి నేను దగ్గరుండి సూస్తాను,” అన్నాడు. “గింజ మొదలు పిండి దాకా. కాటా ఇడిసి కదల్ను.”

“సూడు. దొంగ కాకపోతే మా అన్నకి కాళ్లు మొక్కాల.”

“దొంగైతే?”

“అప్పుడు నేను మొక్కిస్తాను. ముందు గంజి తాగు.”

*

ఒకటో తారీఖు ఉదయం రేషను షాపు నుంచి వచ్చిన రెండు బస్తాల గోధుమల్ని తివారీ ఎదుటే కాటా వేశారు. నూట ఇరవై అయిదు. చేటతో చెరిగి రాళ్లూ పుల్లలూ ఎండుగడ్డీ ఏరితే రెండు కేజీలు పోయింది. అది కూడా తివారీ కాగితం పొట్లంలో కట్టించి గూట్లో పెట్టాడు. చెత్తక్కూడా సాక్ష్యం కావాలన్నమాట. నూట ఇరవై మూడు కేజీలు బండికెక్కించుకుని అప్పలసూరి బజారు దారి పట్టాడు. పక్కన జగ్గమ్మ నడిచింది. ఎవరి పక్షమో చెప్పలేదు.

గంగులు మిల్లంటే పెద్ద మిల్లేమీ కాదు. పెంకుల పాక, ఒక ఆయిలింజను, దానికి రెండు బెల్టులు. ఒక బెల్టు వడ్లాడించే హల్లరుకి, ఒక బెల్టు చోళ్లు, అంటే రాగులు, పిండి పట్టే రాతి మరకి. ఇంజను దగ్గుతూ ఉంటే పాకంతా ఊగుతుంది. గంగులు నెత్తి మీద వెంట్రుకలు నిజానికి నలుపే, కాని ఆ సంగతి అతని తల్లికి తప్ప ఎవరికీ తెలీదు.

“రా బావా,” అన్నాడు గంగులు. “నన్ను దొంగంటన్నారట కదా.”

“అప్పుడే సెప్పీసిందా?”

“నిన్నే సెప్పింది. కాటా నీ ఎదర పెట్టాను, రాళ్లు నువ్వే ఎయ్యి. నా సెయ్యి తగిల్తే నా సెయ్యి నరికీ.”

“సెయ్యి నరికితే మిల్లెవుడు తిప్పుతాడు? ఆడించు.”

గంగులు రెండు నెలలుగా ఆడించినట్టే ఆడించాడు. ముందు గోధుమలు హల్లరులో పోశాడు. హల్లరు గరగరలాడింది. అడుగున జల్లెడ రేకులోంచి ఎర్రటి తవుడూ, నుసీ, విరిగిన ముక్కలూ జలజలా రాలాయి. ముక్కులోంచి గింజ బయటికొచ్చింది. ఎర్రగా వెళ్లిన గింజ పాలిపోయి, గుండు గీయించుకుని వచ్చింది. అప్పలసూరికి ఆ తెల్లదనం చూస్తే ఎప్పుడూ సంతోషమే. ఇలాంటి తెల్లటి గింజ తిని కూడా గొణిగేవాళ్లని ఏమనాలి?

కాటా వేశాడు. గింజ తొంభై మూడు. రాలింది ఇరవై తొమ్మిది. ఒక కేజీ దుమ్మై గంగులు నెత్తి మీదా గోడల మీదా ఉంది.

“సూసినావా? ఎక్కడైనా దాసేనా?”

“ఇంకా ఉంది. మరలో పొయ్యి.”

తొంభై మూడు కేజీలూ రాతి మరలో పడ్డాయి. పిండి గుడ్డ గొట్టంలోంచి వేడిగా జారింది. తొంభై రెండు. దాన్ని గంగులు పెళ్లాం పల్చటి గుడ్డతో జల్లించింది. జల్లిస్తే పైన ఏడు కేజీల ముతక నిలిచింది. కింద ఎనభై అయిదు కేజీల పిండి, మల్లెపువ్వు లాంటి పిండి.

అప్పలసూరి వేళ్లు మడిచి కూడాడు. అతనికి మూడో తరగతి దాకా చదువుంది, అది కూడికల దాకా వస్తుంది. ఎనభై అయిదు, ఇరవై తొమ్మిది, ఏడు. నూట ఇరవై ఒకటి. ఎగిరిపోయిన రెండు కేజీలు. నూట ఇరవై మూడు. ఒక్క గింజ కూడా తేడా లేదు.

ఇద్దరు బావలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“దొంగ లేడు,” అన్నాడు అప్పలసూరి.

“నేనప్పుడే సెప్పినాను.”

“దొంగ లేడు గాని పిండీ లేదు.”

“గోదుమంటే అంతే బావా. ఆళ్లూర్లో తొంబై ఏడు వస్తాదంటే ఆళ్లు రాళ్లు కూడా ఆడించుకుంటన్నారేమో.”

జగ్గమ్మ అన్న కాళ్లవైపు కళ్లతో చూపించింది. అప్పలసూరి చూడనట్టు నటించాడు. కాళ్లు ఎక్కడికీ పోవు, ముందు ఉద్యోగం సంగతి చూడాలి. పిండీ, తవుడూ, ముతకా మూడూ వేరువేరు సంచుల్లో కట్టించాడు. తవుడు తనదంటూ గంగులు కొంచెం నసిగాడు గాని, దొంగతనం మాటొచ్చాక తవుడు కోసం పట్టుబట్టడం బాగుండదని ఊరుకున్నాడు. అందరూ కలిసి మెస్సుకి బయల్దేరారు. సాక్ష్యం బండి మీద ఉంది. అప్పలసూరి నడకలో కాస్త కులుకు కూడా వచ్చింది.

*

తివారీ పిండి సంచి విప్పి రెండు వేళ్లతో నలిపాడు. వాసన చూశాడు. తవుడు సంచి విప్పాడు. చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు తీశాడు.

“ఇది ఏమిటి?”

“పొట్టు. గింజ మీది పొట్టు,” అన్నాడు గంగులు. “మొత్తం తూకమేసుకోండి. గొర్రె తినలేదు, గేదె తినలేదు.”

“పొట్టు ఎలా తీసింది?”

“హల్లర్లో.”

“హల్లర్ అంటే?”

“వడ్లు ఆడించేది బాబూ. ముందు అందులో పొట్టు తీసి, తరవాత మర్లో పోస్తాం. పొట్టుతో పాటు ఆడిస్తే మనుసులు తింటారేటి?”

తివారీ ఇంకో గుప్పెడు తీసి పక్కవాడికి చూపించాడు. పక్కవాడు ఇంకొకడికి. పదిమందీ తవుడు చుట్టూ చేరారు. ముందొకడు మొదలెట్టాడు. తర్వాత అందరూ నవ్వడం మొదలెట్టారు. ఒక డ్రైవరు మంచం పట్టుకుని కిందికి జారిపోయాడు. అప్పలసూరికి హిందీ వచ్చినంతలో అర్థమైందేమిటంటే, ఎవరి అమ్మనీ ఇంకా తిట్టడం లేదని.

తివారీ ఊపిరి తీసుకుని నెమ్మదిగా చెప్పాడు.

“అప్పల్‌సూరీ. వడ్లు ఉంది. దానికి చొక్కా ఉంది. చొక్కా విప్పాలి. గోధుమకి చొక్కా పొలంలోనే విప్పేస్తుంది. కొట్టినప్పుడే ఊడిపోతుంది. ఇంటికి వచ్చింది బట్టల్లేని గింజ. బట్టల్లేనివాడికి మీరు ఇంకేం విప్పుతారు? చర్మం విప్పుతారు!”

గంగులు అప్పలసూరిని చూశాడు. అప్పలసూరి గంగుల్ని చూశాడు. ఇరవై ఏళ్లుగా గింజంటే వాళ్లకి వడ్లే. మిల్లులోకి ఏ గింజ వచ్చినా ముందు హల్లరు దాటాలి, దాటనిది గింజ కాదు. చోళ్లకి హల్లరు పెట్టలేదుగా అని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. చోళ్లు చిన్నవి, జల్లెడలోంచి జారిపోతాయని పెట్టలేదు. పెద్దదిగా కనబడింది కదా అని గోధుమకి పెట్టారు.

“పొట్టేటి అని నేను అడిగితే అన్న ఊరుకోమన్నాడు,” అంది జగ్గమ్మ మెల్లిగా. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అయినా ఇలాంటి మాటకి ఇలాంటప్పుడు మంచి గిరాకీ ఉంటుంది.

నవ్వు తగ్గింది. నవ్వు తగ్గాక తివారీ మొహం మళ్లీ ఇరవయ్యొకటో తారీఖు మొహమైంది.

“దొంగ కాదు. సరే. మూర్ఖుడు. నేను ఏమి చెప్పింది? నూట ఇరవై పిండి. ఇక్కడ ఎనభై ఐదు ఉంది.”

“బాబూ, దొంగని కాదని తేలిపోనాది కదా.”

“దొంగ కాదు అని రొట్టె చేసి తింటుందా? ఈ నెల కూడా ఇరవైయొకటికి అయిపోతుంది.”

ఆ మాట నిజం. అప్పలసూరి సంచులవైపు చూశాడు. ఎనభై అయిదు పిండి. దాని పక్కన ముప్పై ఆరు కేజీల గేదె మేత. గేదె మేతా? ఇంతసేపూ ఈ గార్డు చెప్పిందేమిటి? అది పొట్టు కాదు, చర్మం. వాళ్ల అమ్మ గింజని చర్మంతోనే ఆడించి రొట్టె చేసింది. మరి పోయిందేముంది? అంతా ఈ సంచుల్లోనే ఉంది.

“బావా, ఇంజను ఇంకా వేడిగుందా?”

“ఉంది. ఏం?”

“ఈ ముప్పయ్యారూ మళ్లీ మర్లో పొయ్యి. ఆ ఎనబై అయిదులో కలిపీద్దాం. బాబూ, తమరు కూడా రండి. ఆ గోడ మీద లెక్క అక్కడ సూసుకుందురు గాని.”

తివారీ చెప్పులేసుకున్నాడు. ఆ పూట డ్యూటీ లేని మరో నలుగురు కూడా వచ్చారు. కొత్తవలస బజారులో ఆ ఊరేగింపు చూసి, గేదె చచ్చిపోయిందేమోనని ఇద్దరు ముగ్గురు వెనకాల చేరారు.

మిల్లులో ఒక చిక్కు వచ్చింది. హల్లరులో అంతకుముందు వడ్లాడించారు గనక, రాలిన తవుడులో ఊక ముక్కలున్నాయి. అవి తింటే గొంతులో గుచ్చుకుంటాయి. జగ్గమ్మ చేట తీసుకుని కూర్చుంది. ఊక తేలిక, ఎగిరిపోతుంది, తవుడు బరువు, నిలుస్తుంది, కాని కాస్త తవుడు కూడా ఊకతో పాటు లేచిపోయేది. ఆ లేచిన ప్రతిసారీ అప్పలసూరి గుండె కూడా లేచింది.

“మెల్లిగా సెరుగు. అది పిండి కాదు, నా ఉజ్జోగం.”

“నీ ఉజ్జోగం ఊక కంటే తేలికగున్నాది, నేనేటి సెయ్యను?”

అరకేజీ పైన ఊకా దుమ్మూ పోయాయి. మిగిలింది గంగులు మరలో పోశాడు. తవుడు రాళ్ల మధ్య జారిపోతూ సరిగా నలగలేదు. రాళ్లు దగ్గరికి బిగించి రెండోసారి తిప్పాడు. ఈసారి నలిగింది. ఎర్రగా, ముతగ్గా, కాని పిండి. తివారీ గుప్పెడు తీసి వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. రెండు నెలలుగా తెల్ల రొట్టెలు అట్టముక్కల్లా ఎందుకుంటున్నాయో, అందులో అమ్మ వాసన ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైందన్నాడు. తర్వాత కళ్లు తెరిచి, కాటా వెయ్యమన్నాడు. వాసన వాసనే, తూకం తూకమే.

ముప్పై నాలుగున్నర.

ఎనభై అయిదూ ముప్పై నాలుగున్నరా కలిపితే నూట పందొమ్మిదిన్నర.

ఇంజను ఒక్కటే దగ్గింది. గంగులు తూకం రాళ్లు మార్చి మళ్లీ కాటా వేశాడు. నూట పందొమ్మిదిన్నరే. తివారీ మొహంలో ఏమీ కనబడలేదు. గార్డులకి అది వృత్తి. పచ్చజెండా ఊపేటప్పుడూ ఎర్రజెండా ఊపేటప్పుడూ ఒకటే మొహం.

“నూట ఇరవై చెప్పింది,” అన్నాడు.

అప్పలసూరి నెత్తి గోక్కున్నాడు. గోక్కుంటే పిండి రాలింది. చేతివైపు చూసుకున్నాడు. తలపాగా విప్పి కాటా తట్టలో దులిపాడు. కండువా దులిపాడు. తల వంచి, రెండు చేతులతో జుట్టు విదిలించాడు. కనుబొమ్మలు తుడిచాడు.

“ఇది కూడా తూకమెయ్యండి. నా మీదున్నది. సాలకపోతే మా బావ మీద మరో కేజీ ఉంది, ఆడు పొద్దున్నుంచీ మోస్తన్నాడు. ఒరే బావా, ఇలా రా, తట్టలో బుర్ర పెట్టు.”

గంగులు నిజంగానే వంగి తట్టలో తల పెట్టాడు. ముల్లు ఒక్కసారి కిందికి దిగిపోయింది.

“సూడండి బాబూ, నూటిరవై దాటిపోనాది.”

తివారీ పచ్చజెండా మొహం ముందు పెదవి దగ్గర పగిలింది, తర్వాత అంతా పగిలిపోయింది. నవ్వుతూనే గంగులు తల తట్టలోంచి పక్కకి నెట్టి, పిండి సంచి మూతి బిగించబోయాడు.

అప్పలసూరి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇంతసేపూ వంగి ఉన్న నడుం నిటారుగా అయింది.

“ఆగండి. వేడి పిండి మూతి కట్టీకూడదు. సెమరెక్కి ముక్కిపోతాది. సావాసం సెయ్యడానికి పురుగులొస్తాయి. పొద్దుట్దాకా బట్ట మీద ఆరాల.”

“అయితే రాత్రి రొట్టె?”

“రొట్టి లేదు. ఈ పూట అన్నం, ఎండు రొయ్యల పులుసు. తమకి ఎక్కకపోతే గంట తరవాత ఆకలెయ్యొచ్చు, నేనేటి సెయ్యను?”

తివారీ సరే అన్నట్టు తలాడించాడు. అప్పలసూరి పిండి మీద గుడ్డ కప్పుతూ గంగులుకి చెప్పాడు, వచ్చే నెల కూడా నూట ఇరవై అయిదే తెస్తాను, ఆ హల్లరు బెల్టు నా కంటికి కనబడకుండా ఎక్కడైనా పెట్టమని.